బోరుకి ఏ కంపెనీ మోటారు? ముందు నీళ్ళు కొలుద్దాం, తర్వాత పేరు చూద్దాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



మోటారు అప్పుల గురించి మాట్లాడమని పెద్దలు మాకు చెప్పారు. గేదెల అప్పు అయితే మనందరికీ లెక్క తెలుసు. ఎన్ని ఈతలు ఈనింది, పూటకి ఎన్ని లీటర్లు ఇస్తుంది అని అడిగిగానీ డబ్బు ఇవ్వం. అదే సబ్‌మెర్సిబుల్ మోటారు అప్పు వచ్చేసరికి, "ఏ కంపెనీ?" అని ఒక్క మాట అడిగి సంతకాలు పెట్టేస్తాం. మోటారు కూడా లోపల ఉన్న గేదె లాంటిదే. ఎంత తింటుంది, ఎంత ఇస్తుంది, జబ్బు చేస్తే చూసే డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడు, ఈ మూడూ అడగాలి. మా సంఘంలో వచ్చిన ఒక అర్జీని మేము ఎలా చూశామో మొదటి నుంచి చెబుతాం. మీ ఊళ్ళో అర్జీ వచ్చినప్పుడు పనికొస్తుంది.

మా సభ్యురాలు ఒక అక్కకి తెనాలి, రేపల్లె మధ్య రెండెకరాల పొలం ఉంది. వరి కోశాక మొక్కజొన్న వేస్తారు. అప్పటికి కాలవ నీళ్ళు తగ్గిపోతాయి, బోరే దిక్కు. ఆ బోరులో పాత మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించడం అది మూడోసారి. ఈసారి కొత్తది కొంటాను, పక్క చేను వాళ్ళకి ఐదు హార్స్‌పవర్ ఉంది, మాకూ ఐదే కావాలి, యాభై వేలు ఇప్పించండి అని అర్జీ పెట్టారు. చేను అప్పటికి మోకాలెత్తు ఉంది. పూత టైముకి నీళ్ళు అందకపోతే కంకి గింజ పట్టదు. పంట పోతే అప్పు కట్టేదీ లేదు. అందుకని తొందరగానే తేల్చాలి, కానీ తెలిసి తేల్చాలి.

మేము ముందు షాపుకి పోలేదు. బోరు దగ్గరికి పోయాం.

అక్కడ రెండు కొలతలు కావాలి. ఒకటి, మోటారు ఆడుతున్నప్పుడు నీళ్ళు ఎంత లోతుకి దిగుతాయి. రెండు, ఆ చేనికి ఎన్ని నీళ్ళు కావాలి.

మొదటిది ఎలా తీశామంటే, నులక తాడుకి అడుగడుగుకీ ముడి వేసి, చివర చిన్న ఇనప ముక్క కట్టి కేసింగ్‌లోకి వదిలాం. నీళ్ళు తగలగానే టప్పున చప్పుడొస్తుంది. ఇరవై రెండు అడుగులకి నీళ్ళున్నాయి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి "మాకు ఇరవై అడుగుల్లోనే నీళ్ళు" అంటారు. అది నిలవ నీళ్ళ మట్టం. మోటారు లాగడం మొదలెట్టాక మట్టం దిగుతుంది. ఆ దిగిన మట్టమే మనకి లెక్క. వైండింగ్ షాపు నుంచి ఒక మోటారు అద్దెకి తెచ్చి దించాం. రెండు గంటలు ఆడించాక మళ్ళీ తాడు వేస్తే ముప్పై ఆరు అడుగులు వచ్చింది. ఎండలు ముదిరితే ఇంకో నాలుగు అడుగులు తగ్గుతుందని చుట్టుపక్కల వాళ్ళు చెప్పారు. కాబట్టి నలభై అని రాసుకున్నాం.

ఆ నలభైకి, నేల మీద నుంచి పైపు మూతి ఎత్తు మూడడుగులు కలపాలి. ఇంకా పైపుల్లో, బెండుల్లో నీళ్ళు రాసుకుంటూ పోవడం వల్ల కొంత బలం పోతుంది. పైపు సన్నంగా ఉన్నా, పొడుగ్గా ఉన్నా ఆ నష్టం పెరుగుతుంది. బోరులో రెండున్నర అంగుళాల పైపు, పైన చేను మధ్యదాకా మూడంగుళాల పైపు ఉంది. దీనికి పదిహేను అడుగులు వేసుకోమని మేస్త్రీ చెప్పాడు. మొత్తం యాభై ఎనిమిది అడుగులు. షాపుల్లో మీటర్లలో చెబుతారు కాబట్టి మూడుంబావు చొప్పున భాగిస్తే పద్దెనిమిది మీటర్లు. దీన్నే వాళ్ళు "హెడ్" అంటారు. ఈ పద్దెనిమిది అంకె మా కాగితం మీద పైన పెద్దగా రాశాం.

రెండోది, నీళ్ళు. ఎకరం మీద ఒక అంగుళం మందాన నీళ్ళు నిలబెట్టాలంటే దాదాపు లక్ష లీటర్లు కావాలి. ఒక తడికి రెండంగుళాలు అనుకుంటే, రెండెకరాలకి నాలుగు లక్షల లీటర్లు. మనకి వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు. మధ్యలో పోయేది తీసేసి ఎనిమిది గంటలు అనుకుంటే, రెండు రోజుల్లో ఒక తడి పూర్తికావాలని అక్క కోరిక. పదహారు గంటల్లో నాలుగు లక్షల లీటర్లు అంటే సెకనుకి ఏడు లీటర్లు. ఇది రెండో అంకె.

ఇప్పుడు షాపుకి పోయి మేము అడిగింది ఒకటే ప్రశ్న: "పద్దెనిమిది మీటర్ల హెడ్ దగ్గర సెకనుకి ఏడు లీటర్లు ఇచ్చే పంపు చూపించండి." ఎన్ని హార్స్‌పవరో, ఏ కంపెనీయో మేము చెప్పలేదు. అది వాళ్ళు చెప్పాలి.

మన మార్కెట్లో పేర్లకి కొదవ లేదు. కోయంబత్తూరు నుంచి టెక్స్‌మో, సి.ఆర్.ఐ., సుగుణ వస్తాయి. పూణే నుంచి కిర్లోస్కర్, కె.ఎస్.బి., అహ్మదాబాద్ నుంచి లూబీ, మధ్యప్రదేశ్ పీతంపూర్ నుంచి శక్తి. ఇందులో ఏది గొప్పదో చెప్పడానికి మేము రాలేదు. ఎందుకంటే ఏ ఒక్క కంపెనీ తీసుకున్నా పదుల రకాల పంపులు చేస్తుంది. అదే కంపెనీలో ఒక రకం మన బోరుకి అతికినట్టు సరిపోతుంది, ఇంకో రకం అసలు పనికిరాదు. ప్రతి రకానికీ ఒక పట్టిక ఉంటుంది. పైన హెడ్ మీటర్లలో, కింద ఆ హెడ్‌కి వచ్చే నీళ్ళు లీటర్లలో వేసి ఉంటుంది. ఆ పట్టిక చూపించని షాపులో బేరం మొదలెట్టొద్దు.

మాకు మూడు కొటేషన్లు వచ్చాయి. కంపెనీల పేర్లు వదిలేసి ఒకటి, రెండు, మూడు అని చెబుతాం.

ఒకటో కొటేషన్ ఐదు హార్స్‌పవర్, ఎనిమిది స్టేజీలు. స్టేజీ అంటే లోపల ఒకదాని మీద ఒకటి ఉండే ఫ్యాను గిన్నె. ఎన్ని స్టేజీలుంటే అంత లోతు నుంచి నీళ్ళు ఎత్తగలదు. ఈ పంపు పట్టిక ముప్పై మీటర్ల దగ్గర మొదలై డెబ్భై దగ్గర ఆగింది. మన పద్దెనిమిది ఆ పట్టికలోనే లేదు. షాపాయన "లోతు నుంచే తోడేది మీకు తోడదా అమ్మా?" అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అంత తక్కువ హెడ్‌లో పెడితే ఆ పంపు లెక్కకి మించి నీళ్ళు తోసేస్తుంది, మోటారు మీద లోడు పెరిగి ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, లోపలి ఫ్యాన్లు పైకి ఎగదన్ని బుష్‌లు అరిగిపోతాయి. బోరు అడుగు నుంచి ఇసుక కూడా లాగుతుంది. "అయితే వాల్వు సగం కట్టుకోండి" అన్నాడు. వాల్వు కడితే మోటారు బతుకుతుంది నిజమే, కానీ డబ్బు పెట్టి కొన్న బలాన్ని వాల్వు దగ్గర పారబోయడమే కదా. లోతు బోర్లుండే రాయలసీమకి ఆ పంపు సరైనది. మన డెల్టా బోరుకి కాదు. ఆ అక్క పాత మోటారు కూడా ఈ రకమేనని వైండింగ్ మేస్త్రీ తెరిచి చూపించాడు. మూడుసార్లు కాలడానికి అదీ ఒక కారణమని ఆయన లెక్క.

రెండో కొటేషన్ మూడు హార్స్‌పవర్. పద్దెనిమిది మీటర్ల దగ్గర సెకనుకి ఏడు లీటర్లు. లైను నుంచి లాగే కరెంటు గంటకి 2.8 యూనిట్లు.

మూడోదీ మూడు హార్స్‌పవరే. పద్దెనిమిది మీటర్ల దగ్గర ఐదున్నర లీటర్లు. కరెంటు గంటకి 2.7 యూనిట్లు. ధర రెండోదానికన్నా మూడున్నర వేలు తక్కువ.

ఇక్కడ ఒక మాట. మూడు హార్స్‌పవర్ అంటే 2.2 కిలోవాట్లు. మరి 2.8 యూనిట్లు ఎలా లాగుతుంది అని మా సంఘంలో ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. హార్స్‌పవర్ అనేది మోటారు ఇరుసు దగ్గర ఇచ్చే బలం. లైను నుంచి తీసుకునేది కాదు. తీసుకున్నదానిలో కొంత వేడిగా పోతుంది. అందుకే ఇద్దరూ "మూడు హెచ్.పి." అని రాసినా, తినేదీ ఇచ్చేదీ వేరువేరుగా ఉంటాయి. ఈ రెండోదీ మూడోదీ చూడండి. తిండి ఇంచుమించు సమానం. పాలు మాత్రం ఏడు, ఐదున్నర.

లెక్క వేద్దాం. నాలుగు లక్షల లీటర్ల తడికి రెండో పంపుకి పదహారు గంటలు పడుతుంది, 45 యూనిట్లు కాలుతుంది. మూడో పంపుకి ఇరవై గంటలు పడుతుంది, 54 యూనిట్లు కాలుతుంది. దీన్నే ఎఫిషియన్సీ అంటారు, ఇంకేం లేదు.

"కరెంటు ఉచితమే కదా, తొమ్మిది యూనిట్లు ఎక్కువైతే మనకేంటి?" అని మీరు అనుకోవచ్చు. మా మీటింగులో కూడా అదే అన్నారు. బిల్లు లేదు నిజమే. కానీ కరెంటు ఇచ్చే గంటలు లెక్కే. పదహారు గంటలంటే రెండు రోజుల్లో అయిపోతుంది. ఇరవై గంటలంటే మూడో రోజుకి పోతుంది. పూత మీద ఉన్న చేనుకి ఆ ఒక్క రోజు తేడా, మడవ కట్టే కూలీకి ఆ ఒక్క రోజు ఖర్చు. రెండోది, ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్నది మన మోటారు ఒక్కటే కాదు. అందరూ లెక్కకి మించిన మోటార్లు పెడితే ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ పడితే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది, ఒకరి తర్వాత ఒకరివి కాలతాయి. ఇక ఇంటి బోర్లకీ, చేపల చెరువులకీ మీటరు తిరిగే చోట ఆ తొమ్మిది యూనిట్లు తిన్నగా బిల్లులోనే కనబడతాయి.

పట్టిక ఇవ్వని పంపుల్లో ఎఫిషియన్సీ ఎలా తెలుస్తుంది అంటే, నక్షత్రాల స్టిక్కరు చూడండి. ఫ్రిజ్ మీద ఉన్నట్టే పంపుల మీద కూడా కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బి.ఇ.ఇ. స్టార్ లేబుల్ ఉంటుంది, ఒకటి నుంచి ఐదు దాకా. అయితే ఐదు నక్షత్రాల పంపు అయినా తన హెడ్ కాని హెడ్‌లో పెడితే ఆ నక్షత్రాలు పని చెయ్యవు. ఐ.ఎస్.ఐ. గుర్తు మాత్రం ఉందో లేదో తప్పకుండా చూడండి. దాని పైన నెంబరు కూడా చదవండి. బోరు సబ్‌మెర్సిబుల్‌కి ఐ.ఎస్. 8034, నుయ్యిలో అడ్డంగా పడుకోబెట్టే ఓపెన్‌వెల్ పంపుకి ఐ.ఎస్. 14220.

ఇప్పుడు సర్వీసు. రెండో పంపు అన్నివిధాలా నచ్చింది కానీ, దాని కంపెనీ సర్వీసు సెంటరు విజయవాడలో ఉంది. మూడోదాని సెంటరు తెనాలిలోనే ఉంది. ఇక్కడ మాలో మేమే రెండుగా చీలిపోయాం. చెడిపోయిన రోజున పక్కనే మనిషి ఉండడం చిన్న విషయం కాదు. చేను ఎండుతుంటే వారం ఆగలేం.

అందుకని నాలుగు సంగతులు కనుక్కున్నాం. మొదట, డబ్బా మీద ఉన్న కంపెనీ నెంబరుకి మేమే ఫోన్ చేశాం. డీలరు చెప్పింది కాకుండా, ఫలానా మోడల్‌కి ఫ్యాన్లు, బుష్‌లు, అడుగున ఉండే థ్రస్ట్ బేరింగ్ స్టాకు ఉందా అని అడిగాం. ఉందన్నారు. తర్వాత తెనాలిలో వైండింగ్ షాపుకి పోయి, ఈ మోటారు మీరు చుట్టగలరా అని అడిగాం. అది లోపల నీళ్ళు నింపే రకం, ప్లాస్టిక్ తొడుగున్న తీగ. ఆ సైజు తీగ తమ దగ్గర ఉంటుందని, రెండు రోజుల పని అని చెప్పారు. మూడోది, గ్యారంటీలో ఏం వస్తుంది, ఏం రాదు అని కాగితం చదివించుకున్నాం. మోటారు పైకి తీసే కూలీ రాదు. ఫేజు పోయి, ఓల్టేజీ తగ్గి కాలితే రాదు. బయటి మేస్త్రీ తెరిస్తే గ్యారంటీ పోతుంది. నాలుగోది, గ్యారంటీ ఏడాదిలో చెడితే డీలరే తెనాలి నుంచి తీసుకెళ్ళి నాలుగు రోజుల్లో తెచ్చి ఇస్తానని బిల్లు మీద రాయించుకున్నాం. మోటారు సీరియల్ నెంబరు కూడా ఆ బిల్లు మీదే వేయించాం. నెంబరు లేని బిల్లుకి గ్యారంటీ అడగలేం.

ఇవన్నీ తేలాక అక్క రెండో పంపే తీసుకున్నారు. మొదటి ఏడాది డీలరు మాట ఉంది, తర్వాత ఊళ్ళో వైండింగ్ షాపు ఉంది. ఆ వైండింగ్ షాపు చుట్టలేని రకం అయ్యుంటే మేము మూడోదానికే ఓటేసేవాళ్ళం. మూడో రోజుకి నీళ్ళు అందినా పరవాలేదు, పది రోజులు అందకపోతే కష్టం. ఐదు హార్స్‌పవర్ మాట వదిలేసినందుకు అప్పు కూడా యాభై వేల నుంచి తగ్గింది. మిగిలిన దాంట్లో సింగిల్ ఫేజింగ్ నివారణ ఉన్న స్టార్టరు కొన్నారు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు రెండింటి మీదే మూలుగుతూ కాలుతుంది. ఈ స్టార్టరు ఆ క్షణమే ఆపేస్తుంది. మన పొలాల్లో కాలే మోటార్లకి కంపెనీ కన్నా ఈ ఫేజు పోవడమే పెద్ద శత్రువు.

దించేటప్పుడు మోటారులో శుభ్రమైన నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా చూసుకుని మూత బిగించారు. అరవై అడుగుల దగ్గర వేలాడదీశారు. నలభై అడుగులకి దిగే నీళ్ళ మట్టానికి కింద, బోరు అడుగు బురదకి పైన ఉండేలా.

ఆ తర్వాత కొన్న సరుకు చెప్పిన సరుకేనా అని చూసుకోవాలి. దీనికి రెండు పరీక్షలు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి సెల్‌ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. సెకనుకి ఏడు లీటర్లయితే ఇరవై తొమ్మిది సెకన్లలో నిండాలి. ఐదున్నర అయితే ముప్పై ఆరు పడుతుంది. అక్క బోరు దగ్గర ముప్పైకి నిండింది. రెండోది, మేస్త్రీ దగ్గర టాంగ్ టెస్టరుతో మూడు వైర్లకీ ఆంపియర్లు చూడటం. మూడూ ఇంచుమించు సమానంగా ఉండాలి, మోటారు ప్లేటు మీద వేసిన ఆంపియర్లకి మించకూడదు. ఈ రెండు అంకెలూ గోడ మీద రాయించాం. ఆరు నెలలకోసారి మళ్ళీ చూడాలి. డ్రమ్ము నిండే టైము పెరిగి ఆంపియర్లు పెద్దగా మారకపోతే ఫ్యాన్లు అరిగినట్టో, పైపు ఎక్కడో కారుతున్నట్టో. ఆంపియర్లు పెరిగితే బుష్‌లు పట్టేస్తున్నట్టో, ఓల్టేజీ తగ్గినట్టో. కాలకముందే పైకి తీయించుకోవచ్చు.

రేపల్లె, నిజాంపట్నం వైపు, బాపట్ల సముద్రపు ఒడ్డు వైపు అక్కలకి ఒక మాట వేరేగా చెప్పాలి. మీ దగ్గర మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. గట్టిగా లాగితే కింద ఉన్న ఉప్పు పైకి ఎగబాకుతుంది. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసే కేంద్రం వాళ్ళు మెరుగుపరిచిన దొరువు పద్ధతి ఇందుకే. తక్కువ లోతులో అడ్డంగా చిల్లుల పైపులు వేసి, ఒక బావిలోకి పైపైన నీళ్ళు చేర్చి, నెమ్మదిగా తోడటం. అటువంటి చోట పెద్ద మోటారు పెడితే బోరే పాడవుతుంది. మీరు అడగాల్సింది "ఎక్కువ నీళ్ళు ఇచ్చేది" కాదు, "మా బావి ఓర్చుకునేంత ఇచ్చేది". రెండు గంటలు ఆడించి మొదట్లో, చివర్లో నీళ్ళు రుచి చూడండి. చివర్లో ఉప్పు తగిలితే పంపు పెద్దదైందని అర్థం. ఉప్పు తగిలే నీళ్ళకి పోత ఇనుము తొందరగా తింటుంది, స్టెయిన్‌లెస్ స్టీలు బాడీ అడగండి.

మా గ్రామ సంఘం ఇప్పుడు మోటారు అప్పు అర్జీకి ఒక కాగితం జత చెయ్యమంటోంది. అందులో ఐదు వరుసలే ఉంటాయి.

మోటారు ఆడుతుండగా నీళ్ళ మట్టం ఎంత, మొత్తం హెడ్ ఎన్ని మీటర్లు.
చేనికి సెకనుకి ఎన్ని లీటర్లు కావాలి.
ఆ హెడ్ దగ్గర కనీసం రెండు పంపులు ఇచ్చే లీటర్లు, లాగే యూనిట్లు.
సర్వీసు ఎక్కడ, వైండింగ్ ఎక్కడ, ఎన్ని రోజులు.
స్టార్టరులో సింగిల్ ఫేజింగ్ నివారణ ఉందా.

కంపెనీ పేరు రాసే గడి ఆ ఐదూ నిండాక, అన్నిటికన్నా కింద ఉంటుంది. సమాఖ్య కూడా ఈ కాగితాన్ని అన్ని గ్రామ సంఘాలకీ పంపాలని మేము ప్రతిపాదిస్తున్నాం. ముడులేసిన తాడు మా దగ్గర ఉంది, కావాల్సిన వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి.